రేపు కట్ అవుతుందని ఇవాళ మెసేజ్ వస్తే, ఏది ముందు ఆపాలి?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటాం. పిల్లాడి కోసం పోయిన వారం ఒక ఇంగ్లిష్ నేర్పే యాప్‌లో 2 రూపాయల ట్రయల్ తీసుకున్నా, క్రెడిట్ కార్డు ఇచ్చా. వాడికి నచ్చలేదు, యాప్ తీసేశా. ఇవాళ పొద్దున బ్యాంకు నుంచి మెసేజ్: రేపు 1,499 కట్ అవుతుందట! నేను ఓటీపీ కొట్టింది 2 రూపాయలకే కదండీ? అసలు ఇది నిజం మెసేజేనా? ఆపడానికి టైముందా? మా వారేమో కార్డే బ్లాక్ చేసి పారేయ్ అంటున్నారు.

జవాబు:

టైముందమ్మా. కార్డు బ్లాక్ చేయొద్దు, ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు పని కానివ్వండి.

మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కకుండా, మీ బ్యాంకు యాప్ గానీ నెట్ బ్యాంకింగ్ గానీ మీరే తెరవండి. కార్డుల పేజీలో ఒక్కో బ్యాంకు ఒక్కో పేరు పెడుతుంది: e-Mandate అనో, Standing Instructions అనో, Recurring Payments అనో ఉంటుంది. చాలా బ్యాంకులు దీనికి బిల్‌డెస్క్ వాళ్ళ SI Hub వాడతాయి కాబట్టి, బ్యాంకు సైట్ నుంచి నొక్కితే ఆ పేజీకి వెళ్ళొచ్చు, కంగారు పడకండి. అక్కడ మీ కార్డు మీద ఉన్న మాండేట్లన్నీ, అంటే పదేపదే డబ్బు తీసుకోవడానికి మీరు ముందే ఇచ్చిన అనుమతులన్నీ, వరసగా కనిపిస్తాయి. ఈ యాప్ వాళ్ళది తెరిస్తే రేపటి 1,499 కనిపిస్తుంది. మొదట ఆ ఒక్క చెల్లింపును వద్దనండి. ఓటీపీ అడుగుతుంది, ఇవ్వండి. అది అయినట్టు మెసేజ్ వచ్చాక, అదే పేజీలో మొత్తం మాండేట్‌నే రద్దు చేయండి. మళ్ళీ ఓటీపీ అడగొచ్చు. రెండింటికీ వచ్చిన ధ్రువీకరణలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఈ వరస మారకూడదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కార్డుల మీద పదేపదే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2019 ఆగస్టులో ఒక పద్ధతి పెట్టింది. దాని ప్రకారం డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మీ కార్డు ఇచ్చిన బ్యాంకు మీకు చెప్పి తీరాలి. చెప్పాక మీకు రెండు దారులు ఇవ్వాలి. ఒకటి, ఈసారి మాత్రం వద్దు అనడం. రెండు, ఇక ఎప్పటికీ వద్దు అని మాండేట్‌నే తీసేయడం. మాండేట్‌ను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, నిజమే. కానీ ఆ రూలులోనే ఒక చిన్న మినహాయింపు ఉంది: ముందస్తు మెసేజ్ ఇప్పటికే వెళ్ళిపోయి, డబ్బు ఇంకా కట్ కాకుండా దారిలో ఉన్న చెల్లింపుకు మామూలు రద్దు వర్తించకపోవచ్చు. బ్యాంకు వాళ్ళు దాన్ని పైప్‌లైన్ లావాదేవీ అంటారు. అంటే, మెసేజ్ వచ్చాక మీరు నేరుగా మాండేట్ రద్దు మాత్రం చేసి ఊరుకుంటే, వచ్చే ఏడాది కట్ అవకపోవచ్చు గానీ రేపటి 1,499 జారిపోయే సందు ఉంది. అందుకే ముందు రేపటిది ఆపాలి, తర్వాత వేరు తీయాలి. కొన్ని బ్యాంకుల యాప్‌లో రెండూ ఒకే బటన్‌తో అవుతాయి. అలాంటప్పుడు కూడా వచ్చిన ధ్రువీకరణలో రేపటి తేదీ చెల్లింపు ఆగినట్టు ఉందో లేదో చదవండి. లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

మూడో పని కూడా ఉంది. బ్యాంకులో రద్దు చేస్తే డబ్బు దారి మూసుకుంటుంది, అంతే. ఆ యాప్ వాళ్ళ పుస్తకంలో మీరు ఇంకా చందాదారే. వాళ్ళు బాకీ ఉన్నారంటూ లింకులు పంపుతూనే ఉంటారు. కాబట్టి యాప్ మళ్ళీ వేసుకుని, లాగిన్ అయి, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, అప్పుడు తీసేయండి. ఫోన్లోంచి యాప్ తీసేయడమంటే రద్దు చేయడం కాదు. పేపరు చదవడం మానేస్తే పేపరు వాడు వేయడం మానడు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు మీ అసలు అనుమానం. 2 రూపాయలకు ఓటీపీ ఇస్తే 1,499 ఎలా తీస్తారు?

నేను ద్వారకానగర్‌లో ఒక బ్రాంచిలో మొదలుపెట్టి, కార్డు ఫిర్యాదుల సీట్లో కూర్చునే రిటైరయ్యాను. ఈ ప్రశ్న అడగని వారం లేదు. మీరు ఓటీపీ ఇచ్చింది 2 రూపాయలకు మాత్రమే కాదు. ఆ రోజు ఒకే ఓటీపీతో రెండు పనులు జరిగాయి: 2 రూపాయలు కట్ అవడం ఒకటి, మాండేట్ నమోదు అవడం ఒకటి. మొదటిసారి ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ లేకుండా మాండేట్ నమోదు చేయకూడదని రూలు. మొదటి చెల్లింపుకూ అది ఉండాలి. రెండూ కలిపి ఒకే ఓటీపీతో కానిచ్చుకోవచ్చు. ఓటీపీ మెసేజ్‌లో మాత్రం 2 రూపాయలే కనపడుతుంది. మిగతాది, అంటే ఎంత వరకు తీయొచ్చు, ఏ తేదీ దాకా చెల్లుతుంది అన్నవి చెల్లింపు పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. చూపు 2 మీద ఉన్నప్పుడు అవి ఎవరికి కనిపిస్తాయి చెప్పండి.

మాండేట్ రెండు రకాలు. మొత్తం ముందే ఖరారైనది ఒకటి, ఎప్పటికప్పుడు మారేది ఒకటి. మారే రకంలో పై హద్దు ఎంతో మీరు ఒప్పుకోవాలి. చాలా కంపెనీలు నెలకు 199 చందాకైనా సరే ఈ రెండో రకమే నమోదు చేసి, పై హద్దు 15,000 అని పెట్టేస్తాయి. 15,000 ఎందుకంటే, ఓటీపీ అడక్కుండా కట్ చేయడానికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన గరిష్ఠం అదే. 2019లో అది 2,000 ఉండేది. 2021 జనవరి నుంచి 5,000 చేశారు, 2022 జూన్‌లో 15,000 అయింది. మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లు, ఈ మూడింటికి మాత్రం 2023 డిసెంబరులో లక్ష దాకా పెంచారు.

ఈ హద్దుకు రెండు వైపులా మీ మౌనానికి అర్థం తిరగబడుతుంది. 15,000 లోపు అయితే ముందస్తు మెసేజ్ చూసి మీరు ఊరుకుంటే, సరేనన్నట్టే లెక్క, డబ్బు పోతుంది. 15,000 దాటితే ప్రతిసారీ మీరు మళ్ళీ ఓటీపీతో ఒప్పుకోవాలి. ఊరుకుంటే వద్దన్నట్టే లెక్క, చెల్లింపు ఫెయిలవుతుంది. ఇంట్లో ఇద్దరికీ ఈ తేడా తెలిస్తే చాలు, సగం గొడవలుండవు. మీ 1,499 ఈ 15,000 లోపుది కాబట్టే మీరు ఇవాళ కదలాలి.

మెసేజ్ నిజమో కాదో ఎలా తెలుసుకోవాలన్నారు. నిజమైన ముందస్తు మెసేజ్‌లో ఉండాల్సినవి ఇవని రూలే చెబుతుంది: వ్యాపారి పేరు, ఎంత, ఎప్పుడు, ఒక రిఫరెన్స్ నంబరు, ఎందుకు కట్ అవుతోందన్న కారణం, అంటే మీరు ఇచ్చిన మాండేట్ వల్ల అని. పంపేది మీ బ్యాంకు, ఆ యాప్ కంపెనీ కాదు. పంపినవారి పేరు చివర -S గానీ -T గానీ ఉండాలి. -P అంటే ప్రచారానికి పంపినది, పది అంకెల మొబైల్ నంబరు నుంచి వస్తే చూడక్కర్లేదు, దొంగదే. బ్యాంకు సైట్లు ఇప్పుడు .bank.in తో ముగుస్తున్నాయి, లింకులో సైట్ పేరు చివర అది లేకపోతే నొక్కకండి. ఏపీకే ఫైలు పంపి, రద్దు చేయడానికి ఇది వేసుకోండి అని వచ్చిందంటే అది మీ ఫోన్ దోచుకోవడానికే.

అసలు పరీక్ష మాత్రం ఓటీపీ దగ్గరే ఉంది. రద్దు చేయడానికి కూడా ఓటీపీ కావాలి, మోసగాడికీ ఓటీపీయే కావాలి. తేడా తెలియాలంటే ఓటీపీ అంకెలు కాదు, ఓటీపీ మెసేజ్ మొత్తం చదవాలి. అందులో మాండేట్ రద్దు గురించి ఉంటే ఇవ్వండి. ఫలానా వ్యాపారి దగ్గర ఇంత మొత్తం అని ఉంటే మీరు రద్దు చేయడం లేదు, కొంటున్నారు. ఏటీఎం పిన్ గానీ యూపీఐ పిన్ గానీ అడిగితే అక్కడితో పేజీ మూసేయండి. నేను చెప్పినట్టు బ్యాంకు యాప్ నుంచే వెళితే ఈ తలనొప్పి ఎలాగూ ఉండదు.

ఆ మెసేజ్‌ను ఎలా చదవాలో ఒక నిజం కేసుతో చెబుతాను.

గాజువాకలో ఒక పెద్దాయన, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. జాతకాల యాప్ ఒకటి 5 రూపాయల ట్రయల్‌తో తీసుకున్నారు. వారం చూశారు, విసుగొచ్చింది, ఫోన్లోంచి తీసేశారు. ఆ తర్వాత నెలకు 299 చొప్పున పోతూ వచ్చింది. బ్యాంకు ప్రతి నెలా ముందు రోజు మెసేజ్ పంపుతూనే ఉంది. కానీ అందులో యాప్ పేరు లేదు, దాని వెనక ఉన్న కంపెనీ పేరు ఉంది, బెంగుళూరుదేదో ప్రైవేట్ లిమిటెడ్. ఆయన దాన్ని లోన్ ప్రకటన అనుకుని చెరిపేస్తూ వచ్చారు. ఎనిమిది నెలలు, 2,392 రూపాయలు.

తొమ్మిదో నెలలో మెసేజ్‌లో 299 బదులు 499 ఉంది. ధర పెంచారు. దానికి ఓటీపీ రాలేదు, రానక్కర్లేదు, ఎందుకంటే ఆయన మాండేట్ మారే రకం, పై హద్దు 15,000. ఖరారు మొత్తంతో ఉన్న మాండేట్ అయితే 299ని 499 చేయడానికి కొత్తగా ఓటీపీ కావాలి. మారే రకంలో ధర పెరిగిన సంగతి మీకు చెప్పేది ఆ ముందస్తు మెసేజ్ ఒక్కటే. అందుకే ప్రతిసారీ దాంట్లో మొదట చూడాల్సింది వ్యాపారి పేరు కాదు, మొత్తం. పోయిన నెల మెసేజ్ పక్కన పెట్టి చూస్తే చాలు. ఈ పెద్దాయన విషయంలో కూడా 499 అన్న అంకె చూసిన వాళ్ళబ్బాయే ఆయన్ను నా దగ్గరికి తీసుకొచ్చాడు.

మెసేజ్ మంగళవారం పొద్దున వచ్చింది, వాళ్ళు నా ఎదుట కూర్చునేసరికి సాయంత్రం ఆరు. చేతిలో బుధవారం పొద్దున దాకా ఉంది. బ్యాంకు పేజీ తెరిచాం. మాండేట్ వివరాల్లో గడువు తేదీ దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాతది. ఎన్నాళ్ళకోసారి అన్న చోట నెలనెలా అని కాదు, As Presented అని ఉంది, అంటే వాళ్ళు అడిగినప్పుడల్లా. "ఏటిది బాబూ, నేను ఎప్పుడు ఒప్పుకున్నానిది?" అన్నారాయన. 5 రూపాయలకు ఓటీపీ కొట్టిన రోజే ఒప్పుకున్నారు. 499 ఆపాం, ధ్రువీకరణ వచ్చింది, ఆ తర్వాత మాండేట్ తీసేశాం. బుధవారం, గురువారం స్టేట్‌మెంట్ చూశాం, ఏమీ పోలేదు.

పాత 2,392 మాటేమిటని అడిగారు. అక్కడ నిజం చెప్పాలి. డబ్బు వెనక్కి అడుగుతూ నేను బ్యాంకుకు రాసిన డిస్‌ప్యూట్ నిలబడలేదు. ఓటీపీతో మాండేట్ ఇచ్చారు, ప్రతి నెలా ముందు రోజు చెప్పారు, మీరు వద్దనలేదు. రికార్డు మొత్తం వాళ్ళ వైపే ఉంది. మోసపు లావాదేవీల్లో కస్టమర్ బాధ్యత సున్నా అనే రూలు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇది అనుమతి లేని లావాదేవీ కిందికి రాదు. కంపెనీకి మెయిల్ పెడితే ఒక నెల డబ్బు, 299, దయతలచి వెనక్కిచ్చారు. అంతే. ముందస్తు మెసేజ్ పంపడం మీకు రక్షణ, దాన్ని చూసీ వదిలేస్తే అదే వాళ్ళకు సాక్ష్యం.

ఇది తిరగేసి చూడండి. మీరు ఇవాళ 1,499ను ఆపి, మాండేట్ తీసేసి, ధ్రువీకరణ దాచుకున్నాక కూడా రేపు డబ్బు పోయిందనుకోండి. అప్పుడు సాక్ష్యం మీ చేతిలో ఉంది. బ్యాంకుకు రాతపూర్వకంగా డిస్‌ప్యూట్ ఇవ్వండి, రద్దయిన రికరింగ్ చెల్లింపు కట్ అయింది అని సరిగ్గా ఆ మాటే రాయండి. కట్ అయిన డబ్బును వ్యాపారి నుంచి వెనక్కి రాబట్టడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు, వీసా వాళ్ళ చార్జ్‌బ్యాక్ కారణాల్లో దీనికి విడిగా ఒక నంబరే ఉంది, 13.2. సేవ నచ్చలేదు, పిల్లాడు చూడలేదు లాంటి మాటలు రాయకండి, కేసు పలచనవుతుంది. అందుకే స్క్రీన్‌షాట్లు అని అంతలా చెప్పాను.

సరే, కొందరికి అసలు మెసేజే రాదు. ఇక్కడ నిజంగా బ్యాంకు పంపకపోవడం చాలా అరుదు. వ్యవస్థ నడిచే తీరు చూస్తే అర్థమవుతుంది. వ్యాపారి తరఫు బ్యాంకు ముందు మీ బ్యాంకుకు కబురు పంపాలి, ఫలానా మాండేట్ మీద ఇంత తీయబోతున్నాం అని. మీ బ్యాంకు మీకు మెసేజ్ ఇస్తుంది. గడువు గడిచాక వ్యాపారి డబ్బు అడిగితే, మీ బ్యాంకు మాండేట్ బతికే ఉందా, మొత్తం హద్దులో ఉందా, కబురు వెళ్ళిందా, కస్టమర్ వద్దన్నాడా అని చూసి, అన్నీ సరిపోతేనే ఓటీపీ లేకుండా దాటనిస్తుంది. కబురు వెళ్ళనిదే డబ్బు దాటకూడదు. అయితే పంపడం వేరు, మీకు అందడం వేరు. మాండేట్ నమోదులో మెయిల్ ఎంచుకుంటే మెసేజ్ మెయిల్‌కే వెళ్తుంది, అదెక్కడో ప్రమోషన్ల గుట్టలో పడుంటుంది. బ్యాంకులో పాత ఫోన్ నంబరే ఉంటే ఆ సిమ్‌కే వెళ్తుంది. మా అక్కయ్యపాలెంలో ఒకావిడ కార్డు మెసేజ్‌లన్నీ దుబాయ్‌లో ఉన్న కొడుకు పాత సిమ్‌కి వెళ్తుండేవి, రెండేళ్ళు ఎవరూ గమనించలేదు. అనుమానం ఉంటే మెసేజ్ కోసం ఎదురుచూడకుండా మాండేట్ల పేజీనే నేరుగా తెరిచి చూడండి, అదే అసలు పట్టిక.

రూలు ప్రకారమే ముందస్తు మెసేజ్ రానివీ ఉన్నాయి. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ తగ్గినప్పుడు దానంతటదే నిండేలా పెట్టుకుంటే, 2024 ఆగస్టు నుంచి దానికి ముందస్తు మెసేజ్ అవసరం లేదు. మెట్రోల్లో వాడే ఎన్‌సీఎంసీ కార్డుకూ అంతే. టోల్ గేటు దగ్గర 24 గంటలు ఆగలేం కదా, అది న్యాయమే. కార్డు మీద పెట్టుకున్న ఈఎంఐ అసలు మాండేటే కాదు, అది అప్పు. బ్యాంకు ఖాతా మీద నాచ్ ద్వారా పోయే లోన్ వాయిదాలు కూడా వేరే లెక్క, కార్డు మాండేట్ల పేజీలో అవి కనిపించవు. యూపీఐ ఆటోపే అయితే ఇలాంటిదే, కానీ దాన్ని చూసుకోవాల్సింది మీ యూపీఐ యాప్‌లో.

నేను స్వయంగా దెబ్బతిన్నది ఇంకో సందులో. విదేశీ వెబ్‌సైట్ ఒకదానిలో ఫొటోలు దాచుకునే చోటు కొన్నాను. ఓటీపీ అడగలేదు, కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు, అయిపోయింది. బయటి దేశపు వ్యాపారి ఓటీపీ అడక్కుండానే ఒక్కసారి చెల్లింపు అన్నట్టు డబ్బు తీసుకునే వీలు మన కార్డుల మీద ఉంటూ వచ్చింది. ఏడాది తిరిగాక మళ్ళీ అలాగే తీసుకున్నాడు. మాండేట్ లేదు, కాబట్టి ముందస్తు మెసేజూ లేదు, కట్ అయ్యాకే తెలిసింది. ఈ మాండేట్ రూలు విదేశీ వ్యాపారులకూ వర్తిస్తుంది, కానీ వాడు దాన్ని రికరింగ్ అని చెప్పకుండా మామూలు కొనుగోలులా పంపితే వల దాటిపోతుంది. ఈ సందు మూయడానికి మీ చేతిలో ఉన్న తాళం ఒకటే: బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లో అంతర్జాతీయ వాడకం ఆపేయడం. కావాల్సినప్పుడు తెరిచి, పని కాగానే మూసుకోవచ్చు. నా కార్డు అప్పట్నుంచీ మూసే ఉంది.

ఇక మీ వారి మాట. కార్డు బ్లాక్ చేస్తే రేపటి 1,499 ఆగొచ్చు, కాదనను. కానీ దానితో పాటు ఇంకేం ఆగుతాయో ముందు చూడండి. మాండేట్ల పేజీ తెరిచారు కదా, అందులో ఇన్సూరెన్స్ ప్రీమియం ఉందా, కరెంటు బిల్లు ఉందా? సీతమ్మధారలో ఉండే నా మిత్రుడు ఇలాగే ఒక సినిమాల యాప్ మీద కోపంతో కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకున్నాడు. పాత కార్డు మీదున్న నెలవారీ ప్రీమియం ఫెయిలైంది. నెలవారీ ప్రీమియానికి గ్రేస్ 15 రోజులే. వాడికి 13వ రోజున ఏజెంటు ఫోన్ చేశాడు కాబట్టి బతికాడు. పైగా కొత్త కార్డు వస్తే పాత మాండేట్లు చచ్చినట్టే అని కూడా ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు వ్యాపారి దగ్గర ఉండేది మీ కార్డు నంబరు కాదు, దాని బదులు ఒక టోకెన్. కార్డు మారినప్పుడు కొన్ని చోట్ల ఆ టోకెన్ కొత్త కార్డుకు ముడిపడిపోవచ్చు. కాబట్టి కార్డు బ్లాక్ చేయడం రద్దు చేయడానికి ప్రత్యామ్నాయం కాదు. కార్డు నంబరే దొంగల చేతిలో పడిందని అనుమానం ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకుండా బ్లాక్ చేయండి, అది వేరే రోగం.

ఇంకో విషయం, అడగలేదు గానీ చెబుతాను. మాండేట్ నమోదుకు గానీ రద్దుకు గానీ బ్యాంకు మీ దగ్గర చార్జీ తీసుకోకూడదు. ఎవరైనా రద్దు ఫీజు అన్నారంటే ఆ అన్నవాడు బ్యాంకు వాడు కాదు. ఇక ఆ యాప్‌లో రద్దు బటన్ దొరక్కుండా దాచారనుకోండి, చందాలోకి రావడం సులువు, బయటికి పోవడం కష్టం అనే ఈ ఎత్తును 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చేయకూడని పనుల జాబితాలో పెట్టింది. 1915కి ఫోన్ చేసి ఆ మాట చెప్పొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బ్యాంకు తప్పు చేసిందనుకుంటే ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళితే తిప్పి పంపేస్తారు.

మీ మెసేజ్‌లో కట్ అయ్యే సమయం ఉందేమో చూడండి. కొందరు వ్యాపారులు రెండు మూడు రోజుల ముందే కబురు పంపుతారు, కొందరు సరిగ్గా 24 గంటలే ఇస్తారు. మీది రెండో రకంలా ఉంది. అందుకని పిల్లాడు స్కూలు నుంచి వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ఇప్పుడే ఆ పేజీ తెరవండి. అందులో ఈ యాప్ కాకుండా ఇంకేవైనా మీకు గుర్తులేని పేర్లు కనిపిస్తే వాటి మొత్తం, గడువు తేదీ, పై హద్దు ఇక్కడ రాయండి, కార్డు నంబరు మాత్రం రాయకండి. ఏది ఏ కంపెనీదో ఒక్కొక్కటీ చూసి చెబుతాను.